తలుపు తాళం మార్పు డైరీ: 60కీ 70కీ మధ్య ఇరుక్కున్న కొలత

మొదటి రోజు, సాయంత్రం

వెనుక గది తలుపుకున్న గుండ్రటి పిడి తాళం కొన్ని వారాలుగా మొరాయిస్తోంది. పిడి తిప్పి వదిలాక తలుపు అంచులోంచి బయటికి రావలసిన ఇనుప నాలుక సగంలోనే ఆగిపోతోంది. నూనె వేశాను, రెండు రోజులు బాగానే ఉండి మళ్లీ మొదటికి వచ్చింది. లోపలి స్ప్రింగు అలిసిపోయింది, ఇక మార్చక తప్పదు. తలుపు మాత్రం గట్టి చెక్కతో చేసినది, చెక్కుచెదరలేదు. అందుకే కొత్త రంధ్రాలు తొలవకుండా, ఉన్న రంధ్రాల్లోనే అచ్చంగా కూర్చునే తాళం కావాలన్నది నా పట్టుదల.

ఇలాంటి తాళానికి తలుపులో రెండు రంధ్రాలు ఉంటాయి. ఒకటి తలుపు ముఖం మీద ఈ వైపు నుంచి ఆ వైపుకు తొలిచిన పెద్దది. పిడులను కలిపే యంత్రభాగం ఇందులో కూర్చుంటుంది. రెండోది తలుపు అంచులోంచి లోపలికి వెళ్లి ఆ పెద్ద రంధ్రంలో కలిసే చిన్నది, నాలుక ఉండే గొట్టం ఇందులో పడుకుంటుంది. పెద్ద రంధ్రం నడిమధ్య నుంచి తలుపు అంచు వరకు ఉన్న దూరమే బ్యాక్‌సెట్. నేను వెతుకుతున్న రకం తాళాలకు ఇది దాదాపు ఎప్పుడూ 60 మిల్లీమీటర్లు గానీ 70 మిల్లీమీటర్లు గానీ ఉంటుంది. 60 ఉన్న తలుపులో 70 నాలుక పెడితే, దాని తోక పెద్ద రంధ్రం మధ్యను దాటి సెంటీమీటరు లోపలికి పోతుంది. అప్పుడు పిడి కడ్డీకి నాలుక అందదు. తాళం బిగించడమే కుదరదు.

అందుకని ముందు ఈ ఒక్క సంఖ్యను తేల్చుకుందామని, పిడి విప్పకుండానే టేపు తీశాను. టేపు కొక్కాన్ని తలుపు అంచుకు తగిలించి, గది లోపలి వైపు పిడి మధ్య దాకా లాగాను. 64 వచ్చింది. ఇంకోసారి చూశాను, 65. అటు 60కీ ఇటు 70కీ చెందని సంఖ్య. దగ్గరలో ఉన్నది 60 కదా అని సర్దుకుపోవచ్చు. కానీ 4 మిల్లీమీటర్లు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియకుండా సర్దుకోవడం నాకు ఇష్టం లేదు. తప్పు అటు 4 ఉంటే ఇటు 6 ఎందుకు ఉండకూడదు?

వడ్రంగం పని బాగా తెలిసిన బాబాయికి ఫోను చేశాను.

"బాబాయ్, 64 వచ్చింది. ఆ కొలతలో తాళాలు ఉంటాయా?"

"పిడి విప్పి కొలిచావా, విప్పకుండానేనా?"

"విప్పలేదండీ."

"అయితే నువ్వు కొలిచింది గాలిలో దూరం. పిడి తలుపు మీద నుంచి ఎంత ఎత్తుగా ఉంటుందో చూడు. టేపు అంచు దగ్గర చెక్కను తాకుతోంది, అవతలి కొస పిడి మీద ఉంది. ఏటవాలుగా లాగితే ఎక్కువ చూపించక ఏం చేస్తుంది? విప్పి, రంధ్రం అంచుల దగ్గర కొలువు. మధ్య ఎక్కడో ఊహించుకోకు."

రాత్రయింది. తాళం లేకుండా ఆ తలుపును వదలడం మంచిది కాదు కాబట్టి విప్పడం రేపటికి వాయిదా వేశాను.

రెండో రోజు, ఉదయం

ముందుగా తలుపు తెరిచి, కింద చెక్కముక్క దోపి కదలకుండా చేశాను. యంత్రభాగం తీసేశాక నాలుక ఇంకా తలుపులోనే ఉన్నప్పుడు గాలికి తలుపు మూసుకుపోతే, దాన్ని వెనక్కి లాగడానికి పిడి ఉండదు.

లోపలి వైపు పిడి మెడ మీద చిన్న చిల్లు ఉంది. అందులో సన్నని మేకు గుచ్చి లోపలి కొక్కెం నొక్కితే పిడి చేతిలోకి వచ్చేసింది. దాని వెనుక గుండ్రటి పళ్లెంలాంటి మూత. అంచున ఉన్న గాటులో స్క్రూడ్రైవరు పెట్టి మెల్లగా ఎత్తాను. మూత కింద రెండు పొడవాటి స్క్రూలు. అవి విప్పాక బయటి పిడి తన యంత్రభాగంతో సహా అవతలికి జారింది. చివరగా తలుపు అంచున నాలుక చుట్టూ ఉన్న ముందు పట్టీ రెండు చిన్న స్క్రూలు తీసి, నాలుక గొట్టాన్ని బయటికి లాగాను.

మూత ఉన్న చోట రంగు పడని వలయం మిగిలింది. దాని వ్యాసం 66 మిల్లీమీటర్లు. ఇది తాళం పనితీరుకు సంబంధించిన కొలత కాదు. కానీ కొత్త తాళం మూత ఇంతకంటే చిన్నదైతే పచ్చి చెక్క బయటికి కనిపిస్తుంది, కాబట్టి ఇదీ రాసుకున్నాను.

ఇప్పుడు బ్యాక్‌సెట్. ఈసారి టేపు కొక్కాన్ని వాడలేదు. కొక్కెం తన మందమంత అటూ ఇటూ కదిలేలానే తయారవుతుంది. అది సవ్యంగా కదులుతుంటే ఇబ్బంది లేదు. నా టేపు చాలాసార్లు కింద పడింది, కొక్కెం కాస్త వంగి ఉంది. అందుకని 100 మిల్లీమీటర్ల గీతను తలుపు అంచుకు సరిగ్గా ఆనించి కొలిచి, వచ్చిన దానిలోంచి 100 తీసేశాను.

గది లోపలి వైపు ముఖం మీద, తలుపు అంచు నుంచి రంధ్రం దగ్గరి అంచుకు 34 మిల్లీమీటర్లు, దూరపు అంచుకు 88. ఈ రెండింటినీ కూడి సగం చేస్తే రంధ్రం మధ్య దానంతట అదే వస్తుంది: 122లో సగం 61. రెండింటి తేడా 54, అదే రంధ్రం వ్యాసం. కంటితో మధ్యను వెతికే పనే లేదు. గుండ్రటి రంధ్రం మధ్యలో ఉన్నది ఖాళీయే, అక్కడ టేపు ఆనడానికి ఏమీ ఉండదు. అంచులు మాత్రం చెక్కలో స్పష్టంగా ఉంటాయి, వేలికి తగులుతాయి.

61 అనగానే సంతోషించి, నిర్ధారణ కోసం బయటి ముఖం మీద కూడా కొలిచాను. దగ్గరి అంచుకు 32, దూరపు అంచుకు 86. సగం చేస్తే 59.

ఒకే తలుపు, ఒకే రంధ్రం, రెండు వైపులా రెండు మిల్లీమీటర్ల తేడా. మొదట రంధ్రం వంకరగా తొలిచారేమో అనుకున్నాను. తర్వాత మూలమట్టం తెచ్చి తలుపు ముఖానికీ అంచుకూ కలిపి పెట్టి చూస్తే అసలు సంగతి తెలిసింది. అంచు ముఖానికి లంబంగా కోసినది కాదు, కొంచెం ఏటవాలుగా చిత్రిక పట్టినది. తలుపు మూసుకునేటప్పుడు వంపు తిరుగుతూ వచ్చే మూల చట్రానికి రాసుకోకుండా, చట్రంలోకి ముందుగా వెళ్లే ముఖాన్ని కాస్త తగ్గించి చేస్తారు. సాధారణంగా ఈ వాలు 3 డిగ్రీలు. నా తలుపు మందం 40 మిల్లీమీటర్లు. 3 డిగ్రీల వాలుకు 40లో సుమారు 2 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. సరిగ్గా నాకు వచ్చిన తేడా అదే. ఈ తలుపు గది లోపలికి తెరుచుకుంటుంది కాబట్టి లోపలి ముఖం వెడల్పుగా, బయటి ముఖం ఇరుకుగా ఉండడం కూడా లెక్కకు సరిపోయింది.

నాలుక గొట్టం తలుపు మందం మధ్యలో ఉంటుంది. కాబట్టి తీసుకోవలసిన కొలత కూడా మందం మధ్యలోనిదే: 61కీ 59కీ నడుమ, 60. ఎటూ తేలని 64 ఇప్పుడు చక్కగా 60 అయింది. మిగిలిన 4 మిల్లీమీటర్లలో ఒకటి అంచు వాలుది, మిగతావి గాలిలో ఏటవాలుగా లాగిన టేపువీ వంగిన కొక్కానివీ.

ఇంకో సాక్ష్యం చేతిలోనే ఉంది. బయటికి తీసిన పాత నాలుక గొట్టాన్ని బల్ల మీద పెట్టి, ముందు పట్టీ బయటి ముఖం నుంచి తోక దగ్గర యంత్రభాగం పట్టుకునే చోటు మధ్య వరకు కొలిస్తే అదీ 60 దగ్గరే వచ్చింది. పట్టీ తలుపు అంచుతో సమంగా దిగి ఉంటేనే ఈ పోలిక చెల్లుతుంది. నాది సమంగానే ఉండేది.

రెండో రోజు, మధ్యాహ్నం

పెద్ద రంధ్రం అడ్డంగా 54 అని ముందే తేలింది. ఇది ఈ రకం తాళాలకు సర్వసాధారణమైన వ్యాసం. నిలువుగా కూడా కొలిచాను, అది మంచిదైంది. నిలువుగా 57 ఉంది. టార్చి వేసి చూస్తే రంధ్రం కింది వైపు ఆకురాయి గీతలు కనిపించాయి. పాత తాళం బిగించినవారు ఎందుకో 3 మిల్లీమీటర్లు కిందికి అరగదీశారు. పై అంచు మాత్రం రంపం కోసినట్టే నున్నగా ఉంది. నేను నిలువు కొలత ఒక్కటే తీసుకుని ఉంటే ఇది పెద్ద సైజు రంధ్రమని పొరబడేవాణ్ణి. రెండు దిశల్లో కొలత వేరుగా వస్తే చిన్నదాన్ని నమ్మాలి, ఎందుకంటే అరిగిన రంధ్రం పెద్దదవుతుందే తప్ప చిన్నది కాదు. కొత్త తాళం మూత ఈ సాగిన భాగాన్ని కప్పేస్తుంది కాబట్టి దీన్ని పూడ్చే పని పెట్టుకోలేదు.

54 బదులు 38 లాంటి కొలత వచ్చి ఉంటే కథ మారేది. కొన్ని పాత తలుపుల్లో అంత చిన్న రంధ్రాలే ఉంటాయి. దాన్ని 54కు పెంచడం చెప్పినంత తేలిక కాదు. గుండ్రటి రంపానికి మధ్యలో ఉండే దారి చూపే మొనకు పట్టు దొరకదు, అక్కడ ఉన్నది ఖాళీ కదా. ముందు ఆ రంధ్రాన్ని చెక్క బిళ్లతో బిగువుగా మూసి, దాని మీద మధ్య గుర్తు పెట్టుకుని మళ్లీ తొలవాలి.

అంచు రంధ్రం 25 మిల్లీమీటర్లు. ఇక్కడ గొట్టాన్ని కాకుండా రంధ్రాన్నే కొలవాలి. గొట్టం రంధ్రంలో వదులుగా కూర్చుంటుంది, దాని వ్యాసం ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. నాది 22 చూపించింది. కొన్ని తలుపుల్లో అంచు రంధ్రమే 22 ఉంటుంది, అందులో 25 రంధ్రం కోసం చేసిన గొట్టం పట్టకపోవచ్చు.

ముందు పట్టీ వెడల్పు 25, పొడవు 57, మూలలు గుండ్రం. తలుపు అంచులో దాని కోసం చెక్కిన గుంట కూడా గుండ్రటి మూలలతోనే ఉంది. చదరపు మూలల పట్టీ తెస్తే ఉలితో నాలుగు మూలలూ చెక్కాలి. అది పెద్ద పని కాదు. దానికి తిరగబడిన సందర్భంలో, అంటే చదరపు గుంటలో గుండ్రటి మూలల పట్టీ పెడితే, మూలల్లో సందులు మిగిలి ఎప్పటికీ కనిపిస్తూనే ఉంటాయి. కొన్ని తలుపుల అంచున పట్టీ అసలే ఉండదు, గొట్టం చుట్టూ గుండ్రటి అంచు మాత్రమే ఉండి సుత్తితో కొట్టి దింపుతారు. అలాంటి తలుపుకు గుంట ఉండదు కాబట్టి పట్టీ లేని రకమే వెతకాలి.

రెండో రోజు, సాయంత్రం

ఇప్పుడు నాలుక రకం. ఈ పనిలో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది ఇదే.

పాత నాలుకను దగ్గరగా పట్టుకుని చూశాను. ఒక వైపు ఏటవాలుగా, మరో వైపు చదునుగా ఉంది. చదును వైపు ఆనుకుని సగం గుండ్రంగా ఉన్న సన్నటి కడ్డీ ఒకటి ఉంది. నాలుకను మాత్రమే వేలితో నొక్కితే లోపలికి వెళ్లింది. కడ్డీని ముందుగా బొటనవేలితో లోపలికి నొక్కి ఉంచి, మరో వేలితో నాలుకను నొక్కితే కొద్దిగా కదిలి ఆగిపోయింది, ఇక ఎంత బలం పెట్టినా వెళ్లలేదు. ఆ కడ్డీ పని ఇదే. తలుపు మూసినప్పుడు నాలుక చట్రంలోని పట్టీ కన్నంలోకి దిగుతుంది, కడ్డీ మాత్రం పట్టీ లోహం మీద ఆని నొక్కుకుని ఉండిపోతుంది. అది నొక్కుకుని ఉన్నంతసేపూ బయటి నుంచి ఏదైనా దూర్చి నాలుకను వెనక్కి నెట్టడం కుదరదు. పడక గదులకు, స్నానాల గదులకు వాడే మామూలు స్ప్రింగు నాలుకకు ఈ కడ్డీ ఉండదు. తాళంచెవితో తిరిగే అడ్డగడియకు ఏటవాలే ఉండదు, చదరంగా మొద్దుగా ఉంటుంది. నాకు కావలసింది కడ్డీ ఉన్న స్ప్రింగు నాలుక.

అంతలో ఒక అనుమానం వచ్చింది. ఈ తలుపు మూశాక కూడా కాస్త గడగడలాడేది. చట్రం దగ్గరకు వెళ్లి పట్టీ చూస్తే, కన్నం ఒక అంచును ఆకురాయితో దాదాపు 3 మిల్లీమీటర్లు అరగదీసి ఉంది. నాలుకకూ కడ్డీకీ సుద్ద పూసి, గొట్టాన్ని తిరిగి తలుపులో పెట్టాను. యంత్రభాగం లేదు కాబట్టి వెనక్కి లాగడానికి పెద్ద రంధ్రంలోంచి వేలు పెట్టి తోకను పట్టుకుని, తలుపును నెమ్మదిగా మూసి తెరిచాను. కడ్డీ సుద్ద పట్టీ లోహం మీద పడాలి. అక్కడ గీత తప్ప ఏమీ లేదు, సుద్ద కన్నం లోపలి చెక్క మీద అంటుకుంది. అంటే ఇన్నేళ్లూ కడ్డీ కూడా నాలుకతో పాటు కన్నంలోకే పడిపోతోంది. ఉండవలసిన రక్షణ ఒక్కరోజూ లేదు. పాత తాళంలాంటిదే కొత్తది తెచ్చి పాత పట్టీనే ఉంచి ఉంటే, కొత్తదాని కడ్డీ కూడా ఉత్తదే అయ్యేది.

పట్టీని ఎందుకు అరగదీశారో కూడా కనిపించింది. చట్రంలో తలుపు ఆనే పట్టెడ మీద రంగు మీద రంగు వేసి మందపాటి పొర పేరుకుంది. తలుపు పూర్తిగా లోపలికి వెళ్లక, నాలుక కన్నంలో పడక, లోహాన్ని అరగదీసి సరిపెట్టారు. రేపు ఆ రంగును గోకి తీయాలి.

పడుకునే ముందు బాబాయికి కొలతలన్నీ చదివి వినిపించాను. ఆయన ఒక్కటే అడిగారు. "నాలుకా యంత్రభాగమూ ఒకే పెట్టెలోవేనా తెస్తున్నావు?" పాత నాలుక గొట్టం బాగుంటే దాన్నే ఉంచి పిడులు మాత్రం మారుద్దామని కొందరు అనుకుంటారట. నాలుక తోక ఆకారం తాళం రకాన్ని బట్టి మారుతుంది. నాది యంత్రభాగంలోని కొక్కేనికి తగులుకునే తోక. మరో రకంలో తోకకు అడ్డంగా రంధ్రం ఉండి, దానిలోంచి కడ్డీ దూరి తిప్పుతుంది. కొలతలన్నీ సరిపోయినా ఇవి ఒకదానికొకటి అతకవు.

మూడో రోజు

కాగితం మీద రాసుకున్నది ఇంతే: బ్యాక్‌సెట్ 60, పెద్ద రంధ్రం 54, అంచు రంధ్రం 25, గుండ్రటి మూలల పట్టీ 25కు 57, తలుపు మందం 40, కడ్డీ ఉన్న స్ప్రింగు నాలుక, మూత వ్యాసం కనీసం 66. కొత్త తాళం పెట్టె మీద తలుపు మందం 35 నుంచి 45 అని ఉంది, నాది మధ్యలో పడింది. తలుపు 45 కంటే మందంగా ఉంటే రెండు పొడవాటి స్క్రూలు అవతలికి అందవు.

పెట్టెలోని నాలుక గొట్టం 60కీ 70కీ సర్దుకునే రకం. మెలితిప్పితే పొడవు మారుతుంది. నాకు వచ్చినప్పుడు అది 70 దగ్గర ఉంది. కాగితం లేకపోతే అలాగే దింపేసేవాణ్ణి. తిప్పి 60కి తెచ్చి అంచు రంధ్రంలో పెట్టి, పెద్ద రంధ్రంలోంచి చూశాను. తోక సరిగ్గా మధ్యలో నిలిచింది. నాలుక ఏటవాలు తలుపు మూసుకునే దిశకు తిరిగి ఉందని చూసుకుని, పట్టీని గుంటలో కూర్చోబెట్టాను. ఉలి ముట్టుకోవలసిన పని రాలేదు.

చట్రం పని ఎక్కువసేపు పట్టింది. పట్టెడ మీద రంగు గోకితే రెండు మిల్లీమీటర్లకు పైగా ఊడింది. పాత పట్టీ స్క్రూ రంధ్రాల్లో జిగురు పూసిన చెక్క పుల్లలు దిగ్గొట్టి, ఆరాక సమంగా కోసి, కొత్త పట్టీని మళ్లీ సుద్ద గుర్తు చూసుకుని బిగించాను.

యంత్రభాగం దించి, స్క్రూలు సగం బిగించి, పిడి తేలికగా తిరుగుతోందని చూశాక పూర్తిగా బిగించాను. బిగువు ఎక్కువైతే పిడి పట్టేస్తుంది, ఒక్క చుట్టు వెనక్కి తిప్పాను. తర్వాత కడ్డీకి చివరిసారి సుద్ద పూసి తలుపు మూసి తెరిచాను. ఈసారి సుద్ద పట్టీ లోహం మీద, కన్నం అంచుకు 3 మిల్లీమీటర్ల అవతల, చిన్న అర్ధచంద్రాకారంలో అచ్చుపడింది. తలుపు గడగడ కూడా ఆగింది. మూత చుట్టూ పచ్చి చెక్క ఎక్కడా కనిపించడం లేదు. గోకిన పట్టెడకు రంగు వేయడం ఒక్కటే మిగిలింది, ఈసారి పల్చగా ఒకే పూత.